బుక్ వాల్యూ 100, అడిగిన ధర 140: ఒక అప్పుల కంపెనీకి రెసిడ్యువల్ ఇన్‌కమ్ పద్ధతిలో విలువ కట్టిన కథ

లిస్ట్ కాని ఒక కంపెనీలో కొంత వాటా అమ్మకానికి వచ్చింది. డిపాజిట్లు తీసుకుని అప్పులిచ్చే కంపెనీ. అమ్మేవాళ్లు ఒక ధర చెప్పారు, కొనాలనుకున్నవాళ్లు ఆ ధర సరైనదో కాదో చూడమని మా దగ్గరకు వచ్చారు. కంపెనీ ఏదో తెలియకుండా ఉండటానికి, లెక్క సులువుగా కనపడటానికి, షేరు బుక్ వాల్యూ, అంటే ఆస్తుల్లోంచి బాకీలు తీసేస్తే ఒక్కో షేరుకు మిగిలేది, సరిగ్గా 100 అయ్యేలా అంకెలన్నీ ఒకే నిష్పత్తిలో మార్చి రాస్తున్నాను. ఆ కొలతలో వాళ్లు అడిగిన ధర 140.

ముందు పద్ధతి ఎందుకు మారింది అన్నది చెప్పాలి. మామూలు కంపెనీకైతే ఫ్రీ క్యాష్ ఫ్లో తీసి డిస్కౌంట్ చేస్తాం, అంటే ఈ రోజు విలువకు తెస్తాం. అప్పులిచ్చే కంపెనీలో అది కుదరదు, ఎందుకంటే అక్కడ అప్పు అంటే సరుకే. డిపాజిట్ వస్తే నగదు వచ్చినట్టు, అప్పు ఇస్తే నగదు పోయినట్టు కనపడుతుంది, బాగా పెరుగుతున్న ఏడాదిలో క్యాష్ ఫ్లో పెద్ద మైనస్‌లో ఉంటుంది, దాన్నుంచి ఏమీ తేలదు. డివిడెండ్లు డిస్కౌంట్ చేయొచ్చు, అది తప్పు కాదు, కానీ ఈ కంపెనీ లాభంలో సగమే పంచుతోంది కాబట్టి విలువలో ఎక్కువ భాగం మూడేళ్ల తర్వాత ఎప్పుడో వచ్చే అంకె మీద ఆధారపడుతుంది. రెసిడ్యువల్ ఇన్‌కమ్ పద్ధతి మొదలయ్యేదే ఇప్పుడు చేతిలో ఉన్న బుక్ వాల్యూ దగ్గర. దాని మీద, వాటాదారులు కోరుకునే రాబడి పోగా మిగిలే లాభాన్ని మాత్రమే కలుపుతాం.

```
RI(t) = NI(t) - r × B(t-1)
V(0)  = B(0) + Σ RI(t) / (1 + r)^t
```

ఇక్కడ NI అంటే ఏడాది నికర లాభం, B అంటే బుక్ వాల్యూ, r అంటే కాస్ట్ ఆఫ్ ఈక్విటీ, వాటాదారులు కోరుకునే రాబడి. 100 బుక్ మీద 18 సంపాదించారు, వాటాదారులు 12 శాతం కోరుకుంటున్నారు అనుకుంటే, అందులో 12 అసలు వాళ్ల పెట్టుబడికి కట్టాల్సిన అద్దె లాంటిది. మిగిలిన 6 మాత్రమే కొత్తగా పుట్టిన విలువ. కంపెనీ ఎప్పటికీ సరిగ్గా 12 శాతమే సంపాదిస్తే, లాభాలు ఎంత పెరిగినా, షేరు విలువ బుక్ వాల్యూ దగ్గరే ఉంటుంది. ఈ మాట చాలామందికి మొదట్లో మింగుడు పడదు, కానీ ఈ పద్ధతి అంతా దాని మీదే నడుస్తుంది.

మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి మొదటి మోడల్ చేసింది. కిందటి ఏడాది ఆర్‌ఓఈ, అంటే ఏడాది మొదటి బుక్ మీద వచ్చిన లాభం, 18.1 శాతం కాబట్టి రాబోయే మూడేళ్లకు 18 తీసుకుంది. కాస్ట్ ఆఫ్ ఈక్విటీ 12, ఇది లిస్ట్ అయిన ఇలాంటి కంపెనీల బీటాల నుంచి వచ్చింది, దాని మీద మాకు పెద్దగా తేడాలు రాలేదు. సగం లాభం పంచి సగం ఉంచుకుంటే బుక్ ఏడాదికి 9 శాతం పెరుగుతుంది. మూడేళ్ల రెసిడ్యువల్ ఇన్‌కమ్ 6, 6.54, 7.13. ఇవన్నీ ఈ రోజు విలువకు తెస్తే 15.6. ఆ తర్వాత ఈ మిగులు ఏడాదికి 5 శాతం చొప్పున ఎప్పటికీ పెరుగుతుందని పెట్టింది, టర్మినల్ వాల్యూ అనే ఆ ముక్క ఈ రోజు విలువలో 76.1 వచ్చింది. మొత్తం దాదాపు 192.

"సార్, 140కి అడుగుతున్నారు, మనకి 192 వస్తోంది. చాలా చవకగా ఇస్తున్నట్టే కదా?" అంది.

"ఆ 76 ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమ్మా," అన్నాను. తను షీట్ తెరిచి చూపించింది. మిగులు 5 శాతం, బుక్ కూడా 5 శాతం పెరుగుతూ పోతే, ఆర్‌ఓఈ ఎప్పటికీ 17.8 దగ్గరే ఉంటుంది. అంటే ఇంకో ముప్పై ఏళ్లకైనా సరే ఏ పోటీదారూ వడ్డీ తగ్గించడు, ఏ డిపాజిటరూ ఎక్కువ అడగడు. ఫార్ములాలో ఆ మాట ఎక్కడా రాసి ఉండదు, అందుకే అది కళ్లబడదు. ఆ ఒక్క సెల్‌లోనే అసలు అభిప్రాయం ఉంది, మిగతాదంతా కూడికలే.

అదే షీట్‌లో ఆ సెల్ ఒక్కటే మార్చి చూశాం. మిగులు పెరగకుండా 7.13 దగ్గరే ఎప్పటికీ నిలిస్తే విలువ 158. ఇది చూడటానికి జాగ్రత్తగా వేసిన అంచనాలా ఉంటుంది గానీ, దీనర్థం పాత పెట్టుబడి మీద ఉన్న ఆధిక్యం చెక్కుచెదరదు, కొత్తగా పెట్టేది మాత్రం 12 శాతమే సంపాదిస్తుంది అని. నాలుగో ఏడాది నుంచి మిగులు ఏమీ ఉండదంటే 115.6. ఒకే కంపెనీ, అవే మూడేళ్లు, 192 నుంచి 115.6 దాకా.

నిజం ఈ రెండు చివరల మధ్య ఉంటుంది. మిగులు క్రమంగా కరుగుతుంది. దాన్ని ఒక గుణకంతో చెప్తారు, సాధారణంగా ఒమేగా అంటారు, కింద w అని రాస్తున్నాను: ఈ ఏడాది మిగులులో వచ్చే ఏడాదికి ఎంత భాగం నిలుస్తుందో అది. 1 అయితే ఎప్పటికీ నిలుస్తుంది, 0 అయితే ఒక్కసారే పోతుంది.

```
TV(3) = w × RI(3) / (1 + r - w)
```

1999లో డెచౌ, హటన్, స్లోన్ అమెరికా కంపెనీల లెక్కల మీద చేసిన పనిలో ఈ గుణకం సగటున 0.62 వచ్చింది. అది అన్ని రకాల కంపెనీల సగటు, ఏ ఒక్క కంపెనీకీ గుడ్డిగా పెట్టకూడదు, కానీ మొదలుపెట్టడానికి మంచి చోటు. 0.6 పెడితే మన మోడల్ 121.5 చెప్పింది. రెండేళ్లలో మిగులు మూడో వంతుకు వచ్చేస్తుంది కదా మరి.

ఇక్కడ నాకు ముఖ్యం అనిపించిన ఇంకో సంగతి. కాస్ట్ ఆఫ్ ఈక్విటీ 12 కాదు 13 అని పెట్టి చూస్తే, 192 చెప్పిన మొదటి మోడల్ 167కి పడిపోయింది, ఒక్క శాతానికే 25 పోయింది. మిగులు కరిగే మోడల్ మాత్రం నాలుగైదు యూనిట్లే కదిలింది. r ఎంత అని గంటలకొద్దీ వాదించుకుంటూ ఉంటాం, కానీ ఆ వాదనకు అంత బరువు వచ్చేదే టర్మినల్‌లో అతిగా ఆశ పెట్టుకున్నప్పుడు.

అప్పటికి టర్మినల్ సంగతి తేలింది, కానీ 18 శాతం అన్న అంకె మీద నాకు ఇంకా నమ్మకం కుదరలేదు. ఈ పద్ధతి పనిచేయాలంటే ఒక షరతు ఉంది, దాన్ని క్లీన్ సర్‌ప్లస్ అంటారు: బుక్ వాల్యూలో వచ్చే ప్రతి మార్పూ లాభం ద్వారానో, డివిడెండ్ ద్వారానో, షేర్ల జారీ ద్వారానో మాత్రమే రావాలి. పక్క దారిన ఏదీ రాకూడదు, పోకూడదు. ఇది సరిచూడటానికి పది నిమిషాలు చాలు. కిందటి ఏడాది మొదట్లో బుక్ 94. లాభం 17. డివిడెండ్ 8.5. కొత్త షేర్లు లేవు. అంటే ఏడాది చివరికి 102.5 ఉండాలి. బ్యాలెన్స్ షీట్‌లో ఉన్నది 100.

2.5 ఎక్కడికి పోయింది?

ఈక్విటీలో మార్పుల స్టేట్‌మెంట్ తీస్తే దొరికింది. కంపెనీ దగ్గర పెద్ద బాండ్ల పోర్ట్‌ఫోలియో ఉంది, వాటిని మార్కెట్ ధరకు చూపిస్తారు, ధరలో మార్పు లాభనష్టాల ఖాతాకు రాకుండా నేరుగా ఈక్విటీలోకి, అదర్ కాంప్రహెన్సివ్ ఇన్‌కమ్ అనే వరుసలోకి వెళ్తుంది. వడ్డీ రేట్లు పెరిగాయి, బాండ్ల ధరలు పడ్డాయి. కిందటేడు 2.5 నష్టం, అంతకు ముందేడు 2 నష్టం, దానికి ముందు 0.5 లాభం. మొత్తం పేరుకున్న నష్టం 4. ఆర్‌ఓఈ లెక్కలో ఇందులో ఒక్క పైసా కూడా లేదు.

చాలా కేసుల్లో ఈ వరుస చూసి ఆగిపోతారు, నష్టాన్ని లాభంలోంచి తీసేసి 14.5 అని రాసుకుంటారు. అది తొందరపాటు. రేట్లు ప్రతి ఏడాదీ పెరగవు, కాబట్టి 2.5 నష్టం ప్రతి ఏడాదీ రాదు. అసలు అడగాల్సింది వేరే: ఆ 17 లాభంలో ఏముంది? నోట్స్‌లో చూస్తే, అదే ఏడాది కొన్ని పాత బాండ్లు, మంచి ధర పలుకుతున్నవి, అమ్మారు. వాటి మీద పన్ను పోగా 1.5 లాభం లాభనష్టాల ఖాతాలోకి వచ్చింది. రూల్ ప్రకారం అది తప్పు కాదు, అమ్మినప్పుడు లాభం అటు రావాల్సిందే. కానీ ఫలితం ఏమిటంటే, లాభంలో ఉన్న బాండ్లు అమ్ముడై ఆర్‌ఓఈలోకి వచ్చాయి, నష్టంలో ఉన్నవి అమ్మకుండా పక్క వరుసలో కూర్చున్నాయి. అమ్మడానికి లాభం ఉన్న బాండ్లు ఇక పెద్దగా మిగల్లేదు కూడా. 17 లోంచి ఆ 1.5 తీస్తే 15.5, 94 మీద 16.5 శాతం. రాబోయే ఏళ్లకు వాడాల్సిన ఆర్‌ఓఈ అది.

"అలా అయితే ప్రొవిజన్ల మాటేంటి సార్? మొండి అప్పులకు ఈ ఏడాది తక్కువ వేసి వచ్చే ఏడాది ఎక్కువ వేస్తే విలువ పెరిగిపోదా?" అని తనే అడిగింది. మంచి ప్రశ్న, కాగితం మీద వేసి చూశాం. వచ్చే ఏడాది లాభం 4 ఎక్కువ చూపించారు, ఆ తర్వాతి ఏడాది 4 తక్కువ. మొదటి ఏడాది మిగులు 4 పెరిగింది. కానీ బుక్ కూడా 4 పెరిగింది కాబట్టి రెండో ఏడాది దాని మీద 12 శాతం అద్దె, 0.48, అదనంగా పడింది, అంటే రెండో ఏడాది మిగులు 4.48 తగ్గింది. ఈ రోజు విలువకు తెస్తే 4ని 1.12తో భాగిస్తే 3.57, 4.48ని 1.2544తో భాగించినా 3.57. అచ్చంగా రద్దైపోయాయి. అకౌంటింగ్‌లో ముందుకూ వెనక్కూ జరిపినంత మాత్రాన విలువ మారదు. మారేది ఎప్పుడంటే, మనం ఆ 4ని మామూలు లాభం అనుకుని ముందు ఏళ్లన్నిటికీ సాగదీసినప్పుడు, లేదా వెనక్కి వచ్చే ఏడాది మన అంచనా కాలం దాటి బయట పడినప్పుడు. బాండ్ల అమ్మకం లాభం విషయంలో మొదటి మోడల్ చేసింది సరిగ్గా ఇదే.

16.5తో మళ్లీ లెక్క వేశాం. బుక్ 100, 108.25, 117.18, మూడో ఏడాది చివరికి 126.85. మిగులు 4.5, 4.87, 5.27. ఈ మూడింటి ఈనాటి విలువ 11.65. ఒమేగా 0.6 అయితే మూడేళ్ల తర్వాతి ముక్క ఈనాటి విలువ 4.3, మొత్తం 116.

ఇక్కడ ఆపితే అమ్మేవాళ్లకు అన్యాయం జరిగేది. ఎందుకో చెప్తాను. బాండ్లు ఇప్పటికే మార్కెట్ ధరకు, అంటే 4 తగ్గించి, మన 100 బుక్‌లో ఉన్నాయి. వాటి మీద లాభనష్టాల ఖాతాలోకి వచ్చే వడ్డీ మాత్రం పాత తక్కువ రేటుకే వస్తుంది. గడువు దగ్గరపడే కొద్దీ బాండు ధర ముఖ విలువకు చేరుతుంది కదా, ఆ పెరుగుదల కూడా మళ్లీ పక్క వరుసలోనే వస్తుంది. నష్టం బుక్‌లోంచి తీసేసి, తిరిగి వచ్చేదాన్ని లెక్కలో పెట్టకపోతే ఒకే దెబ్బ రెండుసార్లు కొట్టినట్టు. ఈ బాండ్లకు సగటున నాలుగేళ్ల గడువు ఉంది, గడువు దాకా ఉంచుకోగలిగినంత స్థిరమైన డిపాజిట్లు ఉన్నాయి, కాబట్టి ఏడాదికి 1 చొప్పున నాలుగేళ్లు కలిపాం. దాని ఈనాటి విలువ 3. అలా 116 కాస్తా 119 అయింది.

"ఉంచుకోగలిగినంత" అన్న మాట ఊరికే రాయలేదు. కొన్ని బాండ్లను కొన్న ఖరీదుకే బుక్‌లో ఉంచే వర్గం ఇంకొకటి ఉంటుంది, వాటి నష్టం లాభంలోనూ కనపడదు, బుక్‌లోనూ కనపడదు, నోట్స్‌లో మాత్రమే ఉంటుంది. సిలికాన్ వ్యాలీ బ్యాంక్‌కు 2022 చివర్లో ఆ వర్గంలో దాదాపు 91 బిలియన్ డాలర్ల బాండ్లు, వాటి మీద దాదాపు 15 బిలియన్ల చూపని నష్టం ఉన్నాయి, మొత్తం ఈక్విటీ 16 బిలియన్ల చిల్లర. 2023 మార్చిలో డిపాజిటర్లు వెళ్లిపోయేసరికి గడువు దాకా ఉంచుకునే అవకాశమే లేకుండా పోయింది. అలాంటి చోట బుక్ వాల్యూ దగ్గర మొదలుపెట్టే ఈ పద్ధతి మొదటి అడుగులోనే తప్పుతుంది. మా కంపెనీలో ఆ వర్గం దాదాపు లేదు, అది చూశాకే 100ని 100గా ఒప్పుకున్నాం.

ఇప్పుడు ఒమేగా. అమ్మేవాళ్ల తరఫు మనిషి, అనుభవజ్ఞుడు, మా 0.6 మీద గట్టిగా అభ్యంతరం చెప్పారు. "మా డిపాజిట్లు చౌక. జనం ఏళ్ల తరబడి మా దగ్గరే ఉంచుతారు. అన్ని కంపెనీలతో కలిపి మా సగటు ఎలా తీస్తారండీ?" అన్నారు. ఆయన మాటలో నిజం ఉంది. అందుకే అంతకు ముందు పోటీ పెరిగి రాబడులు తగ్గిన మూడేళ్లు తీసి చూశాం, బాండ్ల అమ్మకం లాభాలు తీసేసే చూశాం. 12 శాతం పైన ఉన్న మిగులు 7 నుంచి 5.5కి, అక్కడి నుంచి 4.5కి వచ్చింది. రెండుసార్లూ దాదాపు 0.8 నిలిచింది. మూడు అంకెలతో గుణకం నిర్ణయించడం బలహీనమైన సాక్ష్యమే, కానీ ఈ కంపెనీ గురించి ఉన్న సాక్ష్యం అదే, పైగా చౌక డిపాజిట్ల వాదనతో కలుస్తోంది. 0.8 పెడితే ఆ చివరి ముక్క 4.3 కాస్తా 9.4 అయింది, బాండ్ల 3తో కలిపి 124. కాబట్టి మా రిపోర్ట్‌లో 119 నుంచి 124 అని రాశాం.

140 మాటకొస్తే, దాన్ని కాదనకుండా తిరగేసి చూపించాను. అదే 16.5, అదే 12 శాతం, అదే బాండ్ల 3 పెట్టి, విలువ 140 రావాలంటే ఒమేగా ఎంత ఉండాలి అని. 0.975 కావాలి. మిగులు సగానికి తగ్గడానికే 27 ఏళ్లు పడుతుందన్నమాట. వాళ్ల సొంత చరిత్రలో మూడేళ్లలో సగానికి తగ్గే వేగం కనపడుతోంది. ధర ఎక్కువ, తక్కువ అని వాదించుకోవడం కంటే, ఆ ధర ఏం నమ్మమంటోందో ఇలా ఒక వాక్యంలో పెడితే ఎదుటివాళ్లకూ మాట్లాడటానికి వీలుంటుంది. ఆయన ఆ 27 చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత బాండ్ల నష్టం నాలుగేళ్లలో కాదు మూడేళ్లలోనే వెనక్కి వస్తుందని కొత్త కాగితాలు పంపారు. అది కలిపితే 0.2 మారింది, అంతే.

రిపోర్ట్ పంపే ముందు చివరగా చేసిన పని డివిడెండ్ల లెక్కతో సరిచూడటం. 0.6 మోడల్‌లో, బాండ్ల 3 కలపకముందు, మూడేళ్ల డివిడెండ్లు 8.25, 8.93, 9.67, వాటి ఈనాటి విలువ 21.4. మూడో ఏడాది చివరి బుక్ 126.85, దాని మీద ఆ రోజుకు మిగిలే అదనం 6.08, రెండూ కలిపి ఈ రోజుకు తెస్తే 94.6. మొత్తం 116. రెసిడ్యువల్ ఇన్‌కమ్ చెప్పిందీ 116. రెండూ కలవకపోతే షీట్‌లో ఎక్కడో బుక్, లాభం, డివిడెండ్ ఒకదానితో ఒకటి ముడిపడలేదని అర్థం. మొదటి మోడల్‌లో అదే జరిగింది, టర్మినల్‌లో బుక్ 5 శాతం పెరగాలంటే లాభంలో 72 శాతం పంచాలి, డివిడెండ్ వరుసలో మాత్రం 50 అలాగే ఉండిపోయింది. అయితే రెండూ కలిసినంత మాత్రాన 16.5 సరైనదని గానీ, 0.6 సరైనదని గానీ రుజువు కాదు. అంచనా తప్పైతే రెండు దారులూ ఒకే తప్పు అంకెకు చేరుస్తాయి.

రెండు లెక్కల్లో బరువు ఎక్కడుందో మాత్రం గమనించండి. డివిడెండ్ల దారిలో 116లో 94.6 మూడేళ్ల తర్వాతిది. రెసిడ్యువల్ ఇన్‌కమ్ దారిలో 100 ఇప్పటి బుక్, 11.65 దగ్గరి మూడేళ్లది, 4.3 మాత్రమే దూరపుది. విలువ ఒకటే, కానీ రెండో దారిలో తనిఖీ చేయగలిగిన అంకెలే ఎక్కువ, అందుకే మా టైమంతా ఆ 100 మీదా, 16.5 మీదా పెట్టగలిగాం.

వాటా 122కి చేతులు మారింది. ఏడాది తర్వాత కంపెనీ లెక్కలు వచ్చాయి. మొదటి బుక్ 100, లాభం 16.2, డివిడెండ్ 8.1, ఉండాల్సింది 108.1. ఉన్నది 109. ఈసారి 0.9 ఎక్కువ, బాండ్లు ముఖ విలువ వైపు కదలడం వల్ల వచ్చింది. బాండ్ల అమ్మకం లాభం 0.1 మాత్రమే. మిగులు 4.2, మేము వేసింది 4.5, తేడాకు కారణం డిపాజిట్ల మీద కొంచెం పెంచిన వడ్డీ. ఆ వడ్డీ ఇంకా పెరిగితే మేం పెట్టిన 0.8 కూడా ఎక్కువే అవుతుంది, అందుకే ఇప్పుడు మూడు నెలలకోసారి ముందు ఆ వరుసే తెరిచి చూస్తున్నాం.